రిజిస్టర్ కాని బాడుగ కాగితం

తహసీల్దారు ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. కళ్యాణదుర్గంలో మాకొక మేడ ఇల్లుంది. కింద నేనూ నా భార్యా ఉంటాం, పైభాగం బాడుగకిస్తాం. రిటైరయ్యాక కూడా మా వీధిలో ఎవరికి ఏ నోటీసు వచ్చినా, ఏ దరఖాస్తు రాయాల్సి వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం ఒకసారి తిరగేసి, ఇది ఫలానా చోటికి తీసుకుపో, ఫలానా వాళ్ళను అడుగు అని చెప్పేవాణ్ణి. ఆయన చెప్తే ఆఫీసు చెప్పినట్టే అని వెనకాల అనుకునేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా లోపల చాలా బాగుండేది. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే నేను ఒక ఇంటివాళ్ళకు అన్యాయం చేశాను. అందుకే ముందు అది చెప్పాల్సి వచ్చింది.

వాళ్ళు బెళుగుప్ప వైపు నుంచి వచ్చిన తెలుగు మాట్లాడే ముస్లింలు. ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మా వైపు నీళ్ళు వందల అడుగుల కిందికి పోయాక మోటారు కాలిపోవడం మామూలు సంగతైంది కాబట్టి ఆయనకు పనికి కొదువ లేదు. ఊళ్ళో ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. కళ్యాణదుర్గంలో అంగడి పెట్టుకుని, బాడుగ ఇంటి కోసం నెల రోజులు తిరిగాడు. ఖాళీ ఉన్నవాళ్ళు కూడా ఆయన పేరు వినగానే, మా అల్లుడు వస్తున్నాడనో, సున్నం వేయించాలనో చెప్పి పంపేశారట. నేనిచ్చాను. ఇచ్చి ఊరుకోలేదు. బస్టాండు దగ్గర టీ తాగుతూ, పెళ్ళిళ్ళలో కూర్చుని, "మనకట్లాంటివి లేవప్పా, మనిషి మంచోడైతే చాలు" అని పదిమందితో చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒప్పందం అందరూ రాసుకున్నట్టే పదకొండు నెలలకు రాసుకున్నాం. ఏడాది దాటిన బాడుగ ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే ఇంటి ఓనర్లందరూ పదకొండు నెలలు రాయించి, స్టాంపు పేపరు మీద నోటరీ ముద్ర వేయించి, బీరువాలో పెట్టుకుంటారు. నేనూ అంతే. బాడుగదారుడిగా ఆయన పేరొక్కటే రాయించాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. "నువ్వు రాసినావు కదా అన్నా, ఇంకేం చూసేది" అన్నాడు.

తొమ్మిదో నెలలో ఒకరోజు పొద్దున ఆయనా, ఆయన పెద్ద కూతురూ కిందికి దిగి వచ్చారు. ఆ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి అనంతపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో రెండేళ్ళుగా పనిచేస్తోంది, వారానికొకసారి ఇంటికి వస్తుంది. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే సూటిగా చూస్తుంది. దుబాయి వైపు ఒక ఆసుపత్రి వాళ్ళు ఇంటర్వ్యూ చేసి, ఆమెనూ ఆమె స్నేహితురాళ్ళిద్దరినీ తీసుకున్నారు. స్నేహితురాళ్ళకు పాస్‌పోర్టులున్నాయి, ఈమెకు లేదు. రెండు నెలల్లోపు పాస్‌పోర్టు చూపించాలన్నారు.

"ఆన్‌లైన్‌లో అప్లై చేసినాం సార్" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు ఉండే అడ్రసు ఈ ఇంటిదే వేసినా. దానికి ప్రూఫ్ చూపించాలంట."

వాళ్ళ ఆధార్ కార్డుల మీద బెళుగుప్ప మండలంలోని పాత ఊరే ఉంది. ఓటరు కార్డూ అక్కడిదే, గ్యాసు కనెక్షనూ అక్కడిదే. బ్యాంకు పాస్‌బుక్కులో ఆధార్‌లో ఉన్న అడ్రసే ఉంది. మా ఇంటి కరెంటు బిల్లు నా పేరు మీద వస్తుంది. పాత ఊరి అడ్రసే వేసేద్దామంటే, పోలీసులు విచారణకు అక్కడికే పోతారు. అక్కడ వీళ్ళు లేరు, ఇల్లూ లేదు. ఇక మిగిలింది మా బాడుగ కాగితమొక్కటే.

"ఇది చెల్లుతుందా అన్నా?" అని ఆయన నోటరీ కాగితం చూపించాడు.

నాకు అనుమానం వచ్చింది. రిజిస్టర్ అయినదే అడుగుతారని ఎక్కడో విన్నాను. అయినా, "ముద్ర ఉండాది కదా, చెల్లుతుందిలే" అన్నాను. అప్పటికది పూర్తి అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

అపాయింటుమెంటు రోజున తండ్రీ కూతుళ్ళు అనంతపురం వెళ్ళారు. పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్టు కేంద్రంలో కాగితాలు చూసిన ఉద్యోగి నోటరీ ఒప్పందం పక్కన పెట్టేసి, అడ్రసు ప్రూఫుగా రిజిస్టర్ అయిన బాడుగ ఒప్పందమైతేనే తీసుకుంటామన్నాడట. పైగా అందులో తండ్రి పేరే ఉంది గాని దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయి పేరు లేదన్నాడట. దరఖాస్తు కొట్టేయలేదు, సరైన కాగితంతో మళ్ళీ అపాయింటుమెంటు తీసుకుని రమ్మని చీటీ ఇచ్చి పంపాడు.

సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చాడు. చేతుల మీద వార్నిష్ మరకలు అట్లాగే ఉన్నాయి, అనంతపురం నుంచి వచ్చి అంగడి తీసి మళ్ళీ ఇటు వచ్చినట్టున్నాడు.

"అన్నా, రిజిస్టరు ఆఫీసులో చేపిద్దామా? ఖర్చంతా నాదే. నువ్వు ఒక్క పూట వస్తే చాలు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట ఆయన అడుగుతాడని నాకు ముందే తెలుసు. మధ్యాహ్నమే నా చిన్నాన్న కొడుకుతో ఫోనులో మాట్లాడాను. వాడు రాజకీయాల్లో తిరుగుతాడు. "రిజిస్టరు కాగితం గినా ఇచ్చినావంటే రేపు ఆ ఇల్లు ఖాళీ చేయించడం నీ తరం కాదు. అందులోనూ వాళ్ళకి" అన్నాడు. ఆ చివరి ముక్క విని, అట్లా మాట్లాడొద్దని నేను అనలేదు. ఊ కొట్టాను. బాడుగ ఒప్పందం రిజిస్టర్ అయినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని, గడువు అయిపోతే అయిపోయినట్టేనని నాకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళు కాగితాల మధ్య బతికినవాణ్ణి. అయినా మా నాయన కట్టించిన ఇంటి నంబరు పక్కన వాళ్ళ పేరు ప్రభుత్వ దస్తావేజులో ఉండటం నాకిష్టం లేదు. అంతే. దానికి ఇంకో పేరు పెట్టలేను.

"పదకొండు నెలల ఒప్పందాన్ని రిజిస్టర్ చేయరప్పా" అన్నాను. "ఏడాది పైబడింటేనే చేస్తారు. రూలే అట్లుండాది."

ఏడాది లోపుదానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అంతే. చేయించుకుంటామంటే చేస్తారు. ఆ తేడా నాకు బాగా తెలుసు. ఆయనకు తెలియదని కూడా తెలుసు.

"అట్లయితే రెండేండ్లకు రాసుకుందామా?"

"ఇప్పుడున్నది అయిపోనీ, చూద్దాం."

ఆయన, "సరే అన్నా, నువ్వు చెప్పినాక ఇంకేముండాది" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకొక మార్గం కూడా ఉంది. గెజిటెడ్ అధికారి చేత నిర్ణీత ఫారం మీద సంతకం పెట్టించి ఆధార్‌లో అడ్రసు మార్చుకోవచ్చు. మారిన ఆధార్‌తో పాస్‌పోర్టుకు పోవచ్చు. నాకు తెలిసిన అధికారులు ఇద్దరు ముగ్గురున్నారు, ఒక ఫోను చేస్తే సరిపోయేది. అదీ చెప్పలేదు. అడ్రసు మారాలంటే అక్కడా మా ఇంటి నంబరే పడుతుంది కదా.

మూడు వారాలు గడిచాయి. ఆయన మామూలుగానే పలకరించేవాడు. మా సంపు మోటారు శబ్దం మారిందని తనే గమనించి, బేరింగు మార్చి, ఎంతైందంటే ఊరుకోమన్నాడు. నేను నిజంగానే ఊరుకున్నాను. పై నుంచి మా ఇంటికి ఎప్పుడూ ఏదో ఒకటి వచ్చేది. నా భార్యకు మోకాళ్ళ నొప్పులుంటే ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా కూర్చుని ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసిచ్చి వెళ్ళేది. ఆ రోజుల్లో నేను మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నా భార్య వాకిట్లో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. నేను కుర్చీలో ఉన్నాను.

"సార్, నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయొచ్చినా" అంది. "ఆడ డాక్యుమెంట్లు రాసే ఆయన్ని అడిగినా. పదకొండు నెలలదైనా చేస్తారంట. చేయించుకోవడం మన ఇష్టమంట. కాకపోతే సంతకం పెట్టిన నాలుగు నెలల్లోపల ఇవ్వాలంట. మనది తొమ్మిది నెలలు దాటిపోయింది కాబట్టి దాన్ని ఇప్పుడు తీసుకోరు. కొత్తది రాయాల. నాయన పేరుతో పాటు నా పేరు కూడా పెట్టమన్నాడు. ఓనరు వచ్చి వేలిముద్ర వేయాలంట."

ఆమె గొంతు పెంచలేదు. అబద్ధం చెప్పినావు అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పి ఆగింది. చూపు మాత్రం నా మీద నుంచి తియ్యలేదు.

"ఈ మధ్య రూల్సు మారింటాయి" అన్నాను.

"మారలేదంట సార్. మొదట్నుంచీ అంతేనంట" అంది.

ఆమె వెళ్ళాక నా భార్య కాయలు ఒలవడం ఆపి, "నీకు తెలిసే చెప్పినావా?" అని అడిగింది.

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

"ఆ పిల్ల నా కాళ్ళు పట్టి చూసింది" అంది. చేట తీసుకుని లోపలికి పోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను తిట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు నేనే పైకి వెళ్ళి పోదాం పదండి అన్నాను. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకుని, నాలుగు రోజుల తర్వాత ముగ్గురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. ఆయన అంగడి పక్క టైర్ల అంగడాయనా, ఇంకొకాయనా సాక్షులుగా వచ్చారు. ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చున్న డాక్యుమెంటు రైటరు కొత్త ఒప్పందం టైపు చేసి పెట్టాడు. ఇంటి పన్ను రశీదు, నా దస్తావేజు నకలు, అందరి ఆధార్లు వరసగా పేర్చాడు.

"అన్నా, ఎట్లాగూ రిజిస్టర్ చేపిస్తాండారు కదా, రెండేండ్లకు రాసేస్తే మళ్ళీ మళ్ళీ తిరిగే పని ఉండదు" అన్నాడు నాతో.

"పదకొండు నెలలకే రాయి" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. తప్పు దిద్దుకోవడానికి వచ్చినవాణ్ణి, అక్కడ కూడా ఒక అడుగు వెనక్కి వేశాను. డాక్యుమెంటు రైటరు అమ్మాయి తండ్రి వైపు చూశాడు. ఆయన, "అన్న చెప్పినట్టే రాయప్పా" అన్నాడు. ఆ అమ్మాయి షెడ్డు బయటికి చూస్తూ ఉంది.

లోపల ఎంతో సేపు పట్టలేదు. మొత్తం బాడుగ లెక్కన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు ముందే కట్టి ఉన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి ఫొటో తీశారు, వేలిముద్ర మిషను మీద వేళ్ళు పెట్టించారు. వయసు పైబడిన వేళ్ళు కాబట్టి నా ముద్ర రెండుసార్లు పడలేదు. వెనక నిలబడ్డ ఆ అమ్మాయి తన సంచిలో నుంచి చిన్న గుడ్డ తీసి, "తుడిచి పెట్టండి సార్" అని ఇచ్చింది. మూడోసారి పడింది. సబ్ రిజిస్ట్రారు, "మీరు ఇష్టపూర్తిగానే రాసిచ్చినారా?" అని అడిగాడు. అది అందరినీ అడిగే ప్రశ్నే. అవునన్నాను.

దస్తావేజు నంబరు పడిన కాగితం చేతికొచ్చింది. ఆ కాగితంతో రెండోసారి వెళ్తే పాస్‌పోర్టు కేంద్రంలో ఒక్క మాట కూడా అడగలేదట. తర్వాత స్టేషను నుంచి కానిస్టేబులు వచ్చి, ఇక్కడ ఉంటున్నారా, ఎన్నాళ్ళ నుంచి, ఎట్లాంటివాళ్ళు అని అడిగి, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకున్నాడు. అందులో ఒకటి నాది. ఎట్లాంటివాళ్ళంటే, చాలా మంచివాళ్ళు అన్నాను. అమ్మాయి తండ్రి పక్కనే నిలబడి తల వంచుకున్నాడు.

పాస్‌పోర్టు వచ్చింది. కానీ ఆసుపత్రి వాళ్ళు పెట్టిన గడువు దాటి పదహారు రోజులైంది. ఆ పదహారు రోజులూ నేను పేపరు చాటున దాక్కున్న రోజులే. స్నేహితురాళ్ళిద్దరూ విమానం ఎక్కారు. ఈ అమ్మాయి స్థానంలో ఇంకెవరినో తీసుకున్నారు. ఆమె తిరిగి అనంతపురం నర్సింగ్ హోంకే డ్యూటీకి వెళ్ళింది. నా భార్య మాత్రల చీటీ మార్చి రాయాల్సి వస్తే, వచ్చి రాసిచ్చింది. నేను ముందు గదిలో ఉంటే వంటింటి వైపు నుంచి వచ్చి అటే వెళ్ళింది.

ఒకరోజు ఆయనా నేనూ గేటు దగ్గర ఎదురుపడ్డాం. నేను ఏదో చెప్పబోయాను. "ఆ రిజిస్ట్రేషన్ సంగతి..." అని మొదలుపెట్టానో లేదో, ఆయనే అందుకున్నాడు.

"తెలీక చెప్పినావులే అన్నా. రూల్సు ఎవరికి గుర్తుంటాయి" అన్నాడు.

నేను తలూపాను. తెలియకే చెప్పాను అన్నట్టు తలూపాను. మొదటి అబద్ధం కంటే నన్ను ఎక్కువగా కాల్చేది ఆ తల ఊపడమే. ఆయన నాకు ఒక గౌరవమైన దారి చూపించాడు, నేను సిగ్గు లేకుండా అందులో నడిచిపోయాను.

కొత్త ఒప్పందం పదకొండు నెలలూ అయ్యాక ఆయన పొడిగించమని అడగలేదు. ఊరి బయట కొత్త కాలనీలో చిన్న ఇల్లు చూసుకున్నానన్నాడు. సామాను ఎత్తే రోజు ఇల్లు కడిగించి, ఊడిన కిటికీ గొళ్ళెం బిగించి, తాళాలు నా భార్య చేతికిచ్చి వెళ్ళారు. ఆమె అందరితో పాటు మలుపు దాకా వెళ్ళి వచ్చింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను.

ఆ తర్వాత ఏడాది దాకా ఆయన అంగడి ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి బజారుకు వెళ్ళేవాణ్ణి. ఆ అమ్మాయి వేరే ఆసుపత్రి ద్వారా మస్కట్ వెళ్ళిందని నా భార్య చెప్పింది. వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది కదా, ఇక ఫరవాలేదు అని లోపల ఒక గొంతు అంది. ఆ గొంతు నాకు అసహ్యం పుట్టించింది. మూడో రోజు పొద్దున షర్టు వేసుకుని నేరుగా అంగడికి నడిచాను.

ఆయన నేల మీద కూర్చుని మోటారు స్టేటరులో రాగి తీగ చుడుతున్నాడు. బల్ల మీద ఇద్దరు రైతులు తమ మోటార్ల కోసం కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

"ఏమన్నా, ఇట్లొచ్చినావు? మోటారు పోయిందా?"

"లేదు. ఆ పొద్దు రిజిస్టర్ చేయరని చెప్పింది తెలీక కాదు. తెలిసే చెప్పినా" అన్నాను.

రైతులిద్దరూ నా వైపు చూశారు. వాళ్ళ ముందే చెప్పాలని అనుకోలేదు, ఆగితే మళ్ళీ నోరు పెగలదని చెప్పేశాను. ఆయన చేతిలో తీగ ఆగలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు లెక్కపెట్టుకుని, తుంచి, కొనకు దారం కట్టాడు.

"ఎరుకే అన్నా" అన్నాడు. "ఆఫీసు కాడ్నుంచి వచ్చిన పొద్దే పాప చెప్పింది. పెద్దమనిషివి, నీ నోటితో ఎందుకు చెప్పించాల అని నేనే అట్లన్నా."

"నువ్వట్ల అంటే నేను తలకాయ ఊపినా."

"ఊపినావు" అన్నాడు. కోపం లేదు, ఓదార్పూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట ఆయన ముందు పెడితే, సరేలే అనే భారం మళ్ళీ ఆయన మీదే వేసినట్టవుతుందని అనిపించి మింగేశాను. ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. బల్ల మీద ఒక రైతు కొంచెం జరిగి చోటిచ్చాడు గాని నేను కూర్చోలేదు. ఆయన స్టేటరును తిప్పి, రెండో వైపు చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఎండలోకి దిగి ఇంటి దారి పట్టాను.